చక్కెర నీళ్ల మీద తేమ మీటర్ 98 చూపిస్తోంది, సెన్సర్ పోయిందా?

ప్రశ్న: మాది చిత్తూరు. బెల్లం నిల్వ పెట్టే గది కోసం డీహెచ్‌టీ 22 సెన్సర్‌తో తేమ మీటర్ చేసుకున్నాను. సరిగ్గా చూపిస్తోందో లేదో చూద్దామని 100 గ్రాముల నీళ్లలో 34 గ్రాముల చక్కెర కరిగించి, మూత బిగించిన డబ్బాలో మీటర్‌తో పాటు పెట్టాను. మా అమ్మాయి ఇంటర్ పుస్తకంలోని రౌల్ట్ నియమం ప్రకారం ఎక్సెల్‌లో లెక్క వేస్తే 74.6 శాతం రావాలి. మీటరేమో 98.4 దగ్గర ఆగిపోయింది. కొత్త సెన్సర్ కొనాలా?

జవాబు: కొనకండి. తప్పు సెన్సర్‌ది కాదు, ఎక్సెల్ షీట్‌ది. మీకు 74.6 వచ్చిందంటే ఫార్ములా ఇలా రాసి ఉంటారు:

```
=B2/(B2+C2)
```

అంటే నీళ్ల బరువును మొత్తం బరువుతో భాగించారు. రౌల్ట్ నియమానికి బరువుతో పని లేదు. దానికి కావాల్సింది అణువుల లెక్క.

మూసిన డబ్బాలో నీటి ఉపరితలం నుంచి అణువులు గాల్లోకి లేస్తుంటాయి, గాల్లోవి తిరిగి నీళ్లలోకి వస్తుంటాయి. లేచేవీ వచ్చేవీ సమానమయ్యేసరికి పైనున్న ఆవిరి చూపే ఒత్తిడే బాష్ప పీడనం. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లకు ఇది 23.76 మిల్లీమీటర్ల పాదరసం. చక్కెర కరిగించాక ఉపరితలంలో ఉన్నవన్నీ నీటి అణువులు కావు, కొన్ని చక్కెరవి. చక్కెర అణువులు గాల్లోకి లేవవు, అందుకే దాన్ని అబాష్పశీల ద్రావితం అంటారు. లేచే నీటి అణువుల సంఖ్య ఆ మేరకు తగ్గుతుంది. తిరిగి వచ్చేవి కూడా అంతే తగ్గేదాకా పైనున్న ఆవిరి పలచబడుతుంది. పీడనం తగ్గడమంటే ఇదే.

ఎంత తగ్గుతుందన్నది 1887లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త రౌల్ట్ తేల్చాడు: ద్రావణంలోని మొత్తం అణువుల్లో నీటివి ఎన్నో వంతో, బాష్ప పీడనం మంచినీటి పీడనంలో అన్నో వంతు ఉంటుంది. ఆ వంతు పేరే మోల్ భాగం. చక్కెర అణువు నీటి అణువు కంటే 19 రెట్లు బరువైనది. అంత పెద్దది ఉపరితలంలో ఎక్కువ చోటు ఆక్రమించి ఎక్కువ ఆవిరిని ఆపుతుంది కదా అనిపించవచ్చు. పెద్ద అణువు లేచేవాటికి అడ్డమైతే తిరిగి వచ్చేవాటికీ అడ్డమే. అందుకే సైజు లెక్కలోకి రాదు. ఓటరు లావైనా బక్కైనా ఓటు ఒక్కటే అన్నట్టు, ఇక్కడ ఏ అణువైనా ఒకటిగానే లెక్క.

ఇప్పుడు మీ డబ్బా లెక్క. బరువును అణుభారంతో భాగిస్తే అణువుల లెక్క మోల్‌లలో వస్తుంది. 100 గ్రాముల నీళ్లను 18.02తో భాగిస్తే 5.549 మోల్‌లు. 34 గ్రాముల చక్కెరను 342.3తో భాగిస్తే 0.099 మోల్‌లు. మొత్తం 5.648. అందులో నీళ్ల వంతు 0.9824. పీడనం 23.76 నుంచి 23.34కు దిగుతుంది, తగ్గింది 0.42 మిల్లీమీటర్లే. మీ మీటర్ చూపే తేమ శాతమంటే, అదే ఉష్ణోగ్రతలో మంచినీళ్ల మీద ఉండగలిగే ఆవిరితో పోలిస్తే ఇప్పుడున్నది ఎంత అనే. కాబట్టి మీ డబ్బాలో ఉండాల్సింది 98.2 శాతం. మీటర్ చూపింది 98.4. మంచి సెన్సరే!

అలాగని దశాంశం తర్వాత అంకె చూసి మురిసిపోవద్దు. స్క్రీన్ మీద 0.1 దాకా కనిపించినా డీహెచ్‌టీ 22 ఖచ్చితత్వం మామూలుగా 2 శాతం అటూ ఇటూ. మీరు కొలవబోయిన తగ్గుదల 1.8 శాతం. కొలిచే వస్తువు తప్పే కొలవాల్సిన దానికంటే పెద్దది. పైగా ద్రావణం కంటే సెన్సర్ ఒక్క డిగ్రీ వెచ్చగా ఉన్నా రీడింగ్ దాదాపు 6 శాతం పడిపోతుంది. మన మధ్యాహ్నపు ఎండలో కిటికీ పక్కన పెట్టిన డబ్బాలో ఇది సులువుగా జరుగుతుంది. అప్పుడు కనిపించే తగ్గుదల ఎండది, చక్కెరది కాదు.

షీట్‌లో ఫార్ములా ఇలా మార్చండి. B2లో నీళ్ల గ్రాములు, C2లో కలిపిన పదార్థం గ్రాములు, D2లో దాని అణుభారం, E2లో ఒక్కొక్కటి కరిగి ఎన్ని ముక్కలవుతుందో వేయండి. చక్కెరకు 342.3, 1. ఉప్పుకు 58.44, 2.

```
=(B2/18.02)/(B2/18.02+C2/D2*E2)
```

ఉప్పును ఎందుకు తెచ్చానంటే, మీటర్ పరీక్షకు పనికొచ్చేది అదే. ఒక మూతలో ఉప్పు పోసి, ముద్దలా తడిసేటంత నీళ్లు చల్లండి. కరగని ఉప్పు కచ్చితంగా మిగిలి ఉండాలి. సెన్సర్‌కు ఉప్పు తగలకుండా డబ్బాలో పెట్టి, మూత బిగించి, నీడపట్టున రాత్రంతా వదిలేయండి. 25 డిగ్రీల దగ్గర తేమ 75.3 శాతం దగ్గర నిలుస్తుంది. ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలు మారినా ఈ అంకె పెద్దగా కదలదు. కల్లుప్పు వద్దు. అందులో మెగ్నీషియం లవణాలుంటే అంకె కిందికి జారుతుంది. ప్యాకెట్ ఉప్పు వాడండి.

ఇక్కడ మీరు షీట్‌తో సరిచూస్తే ఇంకో తేడా కనిపిస్తుంది. 100 గ్రాముల నీళ్లలో దాదాపు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. ఫార్ములా దానికి 82 చెబుతుంది, వాస్తవం 75. ఈసారి మీ తప్పేమీ లేదు. రౌల్ట్ నియమం ఆదర్శ ద్రావణానికి రాసింది. అంటే నీటి అణువుకు పక్కన ఇంకో నీటి అణువు ఉన్నా, కరిగిన పదార్థం ఉన్నా ఒకే రకమైన ఆకర్షణ ఉండాలి. విద్యుదావేశమున్న ఉప్పు అయాన్లు, అదీ అంత చిక్కటి ద్రావణంలో, నీటి అణువుల్ని గట్టిగా పట్టుకుంటాయి. చక్కెర కూడా పలచగా ఉన్నంతవరకే నియమం మాట వింటుంది. 100 గ్రాముల నీళ్లలో 200 గ్రాములు కరిగిస్తే షీట్ 90 అంటుంది, నిజానికి ఉండేది 85కి దగ్గరగా. ఉప్పుకు వచ్చే 75, మీ పాత షీట్ చెప్పిన 74.6 పక్కపక్కనే ఉండటం కాకతాళీయం. పాత ఫార్ములా సరైనదే అనుకునేరు.

పొద్దున చూసేసరికి మీటర్ ఉదాహరణకు 77.8 చూపితే, ప్రోగ్రామ్‌లో తేడా తీసేయండి:

```
float h = dht.readHumidity() - 2.5;
```

ఈ సవరణ 75 చుట్టుపక్కల నమ్మదగినది, 98 దగ్గర కాదు. మీ గదికి ఇది చాలు, ఎందుకంటే బెల్లానికి టెన్షన్ మొదలయ్యేది 98 దాకా పోయాక కాదు, అంతకంటే చాలా ముందే. బెల్లంలో చక్కెరతో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి. వాటి అణుభారం 180, అంటే అదే బరువుకు దాదాపు రెట్టింపు అణువులు. బెల్లం దిమ్మ మీద పట్టిన పలచటి పాకం పొర బాష్ప పీడనం అందుకే బాగా తక్కువ. గది గాల్లోని ఆవిరి పీడనం దాన్ని దాటిన క్షణం నుంచి నీళ్లు గాల్లోంచి బెల్లంలోకి నడుస్తాయి. అక్టోబరు, నవంబరు ముసురుల్లో దిమ్మలు చెమర్చేది అందుకే. అలారం ఏ అంకె దగ్గర పెట్టాలో మీ బెల్లమే చెప్పాలి. చిన్న ముక్కను సవరించిన మీటర్‌తో పాటు డబ్బాలో మూసి, మర్నాడు రీడింగ్ ఎక్కడ నిలిచిందో చూసి, దానికి నాలుగైదు శాతం తక్కువలో అలారం పెట్టండి.