MgCl₂, CCl₄: చుక్కల బొమ్మలో తేడా

చెన్నైలో ఉంటాం. మా పాప పదో తరగతి రివిజన్ షీట్‌లో MgCl₂, CCl₄ రెండూ ఒకేలా గీసింది. తప్పేంటి?

తప్పు MgCl₂ దగ్గరే. మెగ్నీషియం తన బయటి రెండు ఎలక్ట్రాన్లను క్లోరిన్‌కు ఒకటి చొప్పున ఇచ్చేస్తుంది, పంచుకోదు. అందుకే మధ్యలో చుక్కల్లేని Mg²⁺, రెండు పక్కలా ఎనిమిదేసి చుక్కలతో బ్రాకెట్లలో Cl⁻ గీయాలి. ఆవేశం వేయకపోతే మార్కు పోయినట్టే.

CCl₄లో కార్బన్ ఒక్కో క్లోరిన్‌తో ఒక జంటను పంచుకుంటుంది. క్లోరిన్ చుట్టూ మిగిలే మూడు జంటలను పిల్లలు తరచూ వదిలేస్తారు, చూడండి.

గుణాలూ ఇక్కడినుంచే వస్తాయి. MgCl₂ అయాన్ల జాలకం కాబట్టి 714 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. ఘనరూపంలో కరెంటు పారదు, కరిగాక పారుతుంది. CCl₄ గది ఉష్ణోగ్రతలోనే ద్రవం. దానికి కారణం 'బంధం బలహీనం' అని రాయనివ్వకండి. బలహీనమైనది అణువుల మధ్య ఆకర్షణ.