తెలిసిన జవాబే, పైవాళ్లు అడిగితే నోరు పెగలడం లేదు

ప్రశ్న: నేను కస్టమర్ సర్వీస్ టీమ్ చూస్తున్నాను. మూడు నెలలకోసారి డైరెక్టర్ల ముందు రివ్యూ ఇవ్వాలి. పోయినసారి మూడో స్లైడ్ దగ్గరే ఒక డైరెక్టర్ గారు ఆపి, ‘ఈ అంకె ఎలా వచ్చింది?’ అని గట్టిగా అడిగారు. నాకు బాగా తెలిసిన విషయమే. కానీ బుర్ర మొద్దుబారిపోయి, తర్వాత ఏదేదో చెప్పేశాను. మళ్లీ రివ్యూ రెండు వారాల్లో ఉంది. రాత్రుళ్లు నిద్ర లేదు. ఎవరు ఏం అడిగినా చూపించవచ్చని స్లైడ్లు 40 దాకా పెంచుకున్నాను. ఎవరైనా నిలదీస్తే మళ్లీ అదే జరుగుతుందని భయంగా ఉంది.

జవాబు: ప్రశ్న పడిన క్షణంలో మీ ధ్యాస రెండుగా చీలిపోయింది. సగం అంకె కోసం వెతుకుతోంది. మిగతా సగం ‘గొంతు వణుకుతోందా, నా గురించి ఏమనుకుంటున్నారు’ అని మిమ్మల్నే గమనిస్తోంది. అంకెలు గుర్తు చేసుకుని మాట కూర్చుకోవడానికి ధ్యాస మొత్తం కావాలి. సగమే మిగిలినప్పుడు తెలిసిన సంగతి కూడా అందదు. అది మీ సామర్థ్యానికి కొలత కాదు.

ఒత్తిడిని ప్రయోగశాలలో పుట్టించడానికి పరిశోధకులు 1993 నుంచి వాడుతున్న ట్రియర్ పరీక్షలో కూడా దాదాపు ఇదే జరుగుతుంది. ముఖంలో ఏ భావమూ చూపకుండా కూర్చున్న ప్యానెల్ ముందు 5 నిమిషాలు మాట్లాడమంటారు. తర్వాత 5 నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పైకి లెక్క చెప్పమంటారు. తప్పు వస్తే మళ్లీ మొదటి నుంచి. అలాంటి చోట చాలామందిలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ బాగా పెరుగుతుంది. అక్కడ ప్యానెల్ కావాలనే ముఖం బిగించుకుని ఉంటుంది. మీ డైరెక్టర్లు చాలాసార్లు స్లైడ్ చదువుతూనో, తర్వాత ఏం నిర్ణయించాలా అని ఆలోచిస్తూనో అలా కనిపిస్తారు. మీ శరీరానికి ఆ తేడా తెలియదు కాబట్టి దాన్ని అసంతృప్తిగానే తీసుకుంటుంది. మధ్యలో ఆపి అడగడం కూడా కోపమే కానక్కర్లేదు. ఒక అంకెను నమ్మి నిర్ణయం తీసుకోవాల్సిన మనిషి, అది నిలబడుతుందో లేదో ముందు తట్టి చూస్తారు.

అందుకే ఆ 40 స్లైడ్లు మీకు సాయం చేయవు. పెంచిన ప్రతి స్లైడూ కొత్తగా ప్రశ్న పడగల అంకెను తెస్తుంది. పైగా అడిగినప్పుడు జవాబు చెప్పడం మానేసి స్లైడ్ వెతుకుతూ ఉండిపోతారు. ముందు భాగాన్ని ఎనిమిదికి తగ్గించండి. మిగతావి చివరన అనుబంధంగా, నంబర్లు వేసి పెట్టుకోండి.

ఇలా మిగిలిన సమయాన్ని ప్రశ్నల మీద పెట్టండి. అడిగేవి ఎంత పదునుగా ఉన్నా చాలావరకు మూడు రకాల్లో పడతాయి: ఈ అంకె ఎలా వచ్చింది, పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది, మా నుంచి ఏం కావాలి. ప్రతి ముఖ్యమైన అంకె కిందా ఈ మూడూ రాసుకుని, ఒక్కోదానికి మొదటి వాక్యం మాత్రం పూర్తిగా రాయండి. జవాబంతా బట్టీ పట్టొద్దు. మధ్యలో ఒక మాట జారితే మొత్తం కూలిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫిర్యాదు తీరడానికి లక్ష్యం 48 గంటలు, మీ సగటు 61 అనుకోండి. ‘61 ఎందుకు?’ అని అడిగితే, భయపడిన మనిషి టీమ్ ఎంత కష్టపడిందో, సిస్టమ్ ఎప్పుడు మారిందో అంటూ మొదలుపెడతాడు. పైవాళ్లకు అది తప్పించుకోవడంలా వినిపిస్తుంది, రెండో ప్రశ్న ఇంకా గట్టిగా వస్తుంది. అంకెతోనే మొదలుపెట్టండి: ‘పార్టులు అవసరం లేని 70 శాతం ఫిర్యాదులు సగటున 40 గంటల్లో తీరుతున్నాయి సర్. పార్టుల కోసం ఆగే 30 శాతానికి 110 గంటలు పడుతోంది. లక్ష్యం అక్కడే దాటుతోంది.’ అంతే, ఆగండి. ఆ నిశ్శబ్దాన్ని నింపాలనిపించి ఇంకేదో కలిపితేనే మాట తప్పుతుంది.

ఇప్పుడు ‘పోయినసారీ పార్టులే అన్నారు కదా, ఏం మారింది?’ అని వచ్చిందనుకోండి. అసలు గుచ్చుకునే ప్రశ్న ఇదే. దీనికి నిజమే చెప్పాలి: ‘పార్టుల వైపు ఏమీ మారలేదు. సగటు 72 నుంచి 61కి దిగింది మిగతా ఫిర్యాదుల వల్లే. ఎక్కువగా వాడే పార్టులు ముందే స్టాక్ పెట్టుకోవడానికి మీ అనుమతి కావాలి. ఆ 110 గంటలు 65కి దిగితే మొత్తం సగటు 47న్నర అవుతుంది.’ లోటు మీరే ముందు ఒప్పుకున్నాక నిలదీయడానికి పెద్దగా ఏమీ మిగలదు. మాట నిర్ణయం వైపు మళ్లుతుంది.

తెలియని ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది. అప్పుడు ఉజ్జాయింపుగా ఒక అంకె విసరకండి. అది తప్పని తేలితే, అంతకుముందు చెప్పిన సరైన అంకెల్ని కూడా అనుమానిస్తారు. ‘ఆ విడివిడి లెక్క నా దగ్గర ఇప్పుడు లేదు సర్, సాయంత్రం 5 లోపు పంపిస్తాను’ అని చెప్పి, అక్కడే వాళ్లకు కనిపించేలా రాసుకోండి. ఒక రివ్యూలో ఇలా ఒకటి రెండుసార్లు చెప్పినా చెల్లుతుంది. ముఖ్యమైన అంకె దగ్గరే ఈ మాట అనాల్సి వస్తే మాత్రం తయారీ తక్కువైనట్టే.

ఇవన్నీ కాగితం మీద ఉంటే సరిపోదు, నోటికి రావాలి. మొహమాటపడని సహోద్యోగిని ఒకరిని కూర్చోబెట్టి, 10 నిమిషాల్లో మూడుసార్లు మీ వాక్యం మధ్యలోనే ఆపి అడగమనండి. మీరు నిలబడి చెప్పాలి. రివ్యూకి ముందు నాలుగైదు రోజులు ఇలా చేయండి. అద్దం ముందు సాధన ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అది మిమ్మల్ని మీరు గమనించుకునే అలవాటునే పెంచుతుంది.

ప్రశ్న పడ్డాక ఊపిరి బిగపట్టకుండా, నెమ్మదిగా బయటికి వదిలి అప్పుడు మాట్లాడండి. మూడు నాలుగు సెకన్లు పడుతుంది. మీకు అది యుగంలా అనిపిస్తుంది, వాళ్లకు ఆలోచించి చెబుతున్నారని అనిపిస్తుంది. గొంతు వణుకు కూడా మీకు తెలిసినంతగా వాళ్లకు తెలియదు. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, కంగారు బయటికి అంతగా కనిపించదని పరిశోధకులు ఎవరికి ముందే చెప్పారో, ఆ వక్తలు మిగతావాళ్లకంటే బాగా మాట్లాడారు.

రివ్యూకి రెండు మూడు రోజుల ముందు, పోయినసారి ఆపిన డైరెక్టర్ గారికి ఒక పేజీ సారాంశం పంపి, ఆయన దగ్గర 10 నిమిషాలు సమయం తీసుకుని ‘ఇందులో మీకు ఏ అంకె మీద సందేహం ఉంది సర్?’ అని అడగండి. వీలుంటే ఈ పని మాత్రం వదలొద్దు. ఒంటరిగా అడిగినప్పుడు అదే ప్రశ్న చాలా మెత్తగా వస్తుంది, మీకు జవాబు సిద్ధం చేసుకునే సమయమూ దొరుకుతుంది.

గుండె దడ తగ్గించే ప్రొప్రనొలాల్ మాత్ర గురించి ఎవరైనా చెబితే డాక్టరును అడగకుండా వేసుకోకండి. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రమాదం. ఈ భయం ఆరు నెలలకు మించి సాగుతూ, రివ్యూల రోజు సెలవు పెట్టడం, వచ్చే ప్రమోషన్ వద్దనుకోవడం దాకా వెళ్తే, ఈ సలహాలతో సరిపెట్టుకోకుండా క్లినికల్ సైకాలజిస్టును కలవండి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఈ తరహా భయానికి బాగా పనిచేస్తుంది. మామూలుగా 12 నుంచి 16 సిట్టింగులు పడుతుంది కాబట్టి, వచ్చే రివ్యూ కోసం కాకుండా ఆ తర్వాతి వాటి కోసం అనుకుని మొదలుపెట్టండి.