10వ తేదీన నోటీసు అంటించే ముందు

అమ్మాయికి,

పిన్నమ్మ ఆశీస్సులు. మీ వార్డు నర్సుల డ్యూటీ మార్పు గురించి నువ్వు రాసి పంపిన నోటీసు ఫోటో నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. "వచ్చే నెల 1వ తేదీ నుంచి నైట్ డ్యూటీ వరసగా 7 రోజులు కాక 3 రోజులు ఉంటుంది. అభ్యంతరాలుంటే 3 రోజుల్లోపు తెలపాలి. అనుమతి లేకుండా డ్యూటీలు మార్చుకోరాదు." నువ్వు రాసింది ఇంతే. మార్పు మంచిదే. ఏడు నైట్లు వరసగా చేసిన మనిషికి ఐదో రాత్రి తెల్లవారుజామున మందు సీసా మీది పేరు చదివినా బుర్రకెక్కదు. అది నేను పడ్డదే. కానీ ఈ మూడు వాక్యాల నోటీసు అంటిస్తే 1వ తేదీ సాయంత్రానికి నీ వార్డులో గొడవ ఖాయం. ఎందుకో చెబుతాను.

ముందు ఆ 3 రోజుల గడువు సంగతి చూడు. ఒంగోలులో ఒక ఆసుపత్రిలో కొత్తగా ఇన్‌చార్జ్ అయినప్పుడు నేనూ ఇదే చేశాను. మంగళవారం పొద్దున పదకొండింటికి నోటీసు అంటించి, గురువారం సాయంత్రం అయిదులోపు అభ్యంతరాలు చెప్పమన్నాను. ఒక సిస్టర్ అప్పటికే సోమవారం నుంచి నైట్‌లో ఉంది. ఆమె రాత్రి ఎనిమిదికి వచ్చేసరికి ఆఫీసుకు తాళం. పొద్దున ఎనిమిదికి హ్యాండోవర్ ఇచ్చి, నిద్రమత్తులో బస్సు ఎక్కి వెళ్లిపోయేది. నోటీసు బోర్డు ఆమె వచ్చే దారిలోనే లేదు. కొత్త పట్టిక ప్రకారం ఆమెకు ఈవెనింగ్ పడిన రోజున రాలేదు. మగవాళ్ల వార్డులో 34 మంది రోగులకు ఒక్క సిస్టర్ మిగిలింది. నేను కోపంలో రిజిస్టర్‌లో ఆబ్సెంట్ వేశాను. మర్నాడు ఆమె వచ్చి, "నాకెవరు చెప్పారు మేడమ్?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ ఆబ్సెంట్ కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. తప్పు నాదే, ఆమెది కాదు.

అప్పటి నుంచి గడువు లెక్క నైట్‌లో ఉన్న మనిషి వైపు నుంచి వేయడం మొదలుపెట్టాను. నువ్వూ అలాగే వెయ్యి. మీ దగ్గర ఇప్పటికి నైట్ 7 రోజులు కదా. 9వ తేదీ రాత్రి నైట్ ఎక్కిన సిస్టర్ 16న పొద్దున దిగుతుంది. 16, 17 నైట్ ఆఫ్. 18న డే డ్యూటీకి వస్తుంది. నువ్వు 10న నోటీసు పెడితే, ఆఫీసు తెరిచి ఉన్నప్పుడు నిన్ను కలిసే వీలు ఆమెకు మొదటిసారి 18న దొరుకుతుంది. కాబట్టి గడువు 20వ తేదీ సాయంత్రం 4 గంటలకు పెట్టు. "10 రోజుల్లోపు" అని రాయకు, తేదీ, గంట రెండూ వెయ్యి. అంటించిన రోజు లెక్కలోకి వస్తుందా రాదా అని తర్వాత వాదన రాకూడదు. నైట్‌లో ఉన్నవాళ్లు కాగితాన్ని నైట్ సూపర్‌వైజర్‌కు ఇచ్చినా చెల్లుతుందని కూడా రాయి.

వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాను కదా అనుకోవద్దు. పెట్టు, కానీ అది సరిపోదు. నోటీసు నకలు సర్క్యులేషన్ రిజిస్టర్‌లో అంటించి ప్రతి ఒక్కరితో తేదీ వేయించి సంతకం తీసుకో. ఆ పేజీ పైన "చదివాను" అని ఉండాలి, "అంగీకరిస్తున్నాను" అని ఉండకూడదు. రెండో మాట ఉంటే అభ్యంతరం ఉన్నవాళ్లు సంతకం పెట్టరు, చివరికి ఎవరు చూశారో నీకే తెలియదు. సెలవులో ఉన్నవాళ్లకు నువ్వే ఫోన్ చేసి, చేసిన తేదీ, గంట వాళ్ల పేరు ఎదురుగా రాసుకో.

ఇక మార్పు గురించి. నీ నోటీసు చదివిన సిస్టర్‌కు మొదట వచ్చే అనుమానం, "నైట్లు పెరుగుతాయా?" అని. దానికి నోటీసులోనే జవాబుండాలి. మీ వార్డులో 10 మంది ఉన్నారు, ప్రతి రాత్రి ఇద్దరు కావాలి. పాత పద్ధతిలో వారానికో జంట చొప్పున అయిదు జంటలు తిరిగేసరికి 35 రోజులు. అంటే ఒక్కొక్కరికి 35 రోజుల్లో 7 నైట్లు. కొత్త పద్ధతిలో 3 రోజులకో జంట, అయిదు జంటలకు 15 రోజులు. అంటే 30 రోజుల్లో రెండుసార్లు మూడేసి, మొత్తం 6 నైట్లు. లెక్క వేస్తే రెండూ సమానమే, ఒక్క నైట్ కూడా పెరగదు. కానీ నైట్ వంతు అయిదు వారాలకోసారి కాక పదిహేను రోజులకోసారి వస్తుంది. ఈ ఇబ్బందిని దాచకుండా రాయి. అసలు అభ్యంతరాలు పుట్టేది అక్కడే.

నెల్లూరులో నేను ఇదే మార్పు చేసినప్పుడు కావలి నుంచి రోజూ రైల్లో వచ్చే ఒక సిస్టర్ కాగితం ఇచ్చింది. పాత పద్ధతిలో నైట్ వారం వస్తే పల్లె నుంచి వాళ్లమ్మ వచ్చి పిల్లలతో ఉండేది. నెలకు రెండుసార్లంటే వాళ్లమ్మకు రావడం కుదరదు. శని, ఆదివారాల రాత్రులు మాత్రం భర్త ఇంట్లో ఉంటాడు. ఆ సిస్టర్ నైట్లు వద్దనలేదు చూడు, శని, ఆదివారాలు కలిసి వచ్చేలా వేయమంది. మిగతావాళ్లలో చాలామందికి ఆ రెండు రాత్రులు ఇంట్లో ఉండటమే కావాలి. ఆమె స్థానాన్ని మరో జంటలో ఒకరి స్థానంతో మార్చి, రెండు వంతులూ శని, ఆదివారాల మీద పడేలా వేశాం. మూడు నెలలకు మాత్రమే అని తేదీతో రాసి ఇచ్చాను. ముగింపు తేదీ వేయకుండా ఇచ్చిన వెసులుబాటును మిగతావాళ్లు ఓర్చుకోరు, తీసుకున్న మనిషి వదులుకోదు.

అభ్యంతరం ఇలాగే ఉండాలని నోటీసులో అడుగు. ఏ తేదీ లేదా ఏ వంతు ఇబ్బందో, దాని బదులు తను ఏం చేయగలదో రాయాలి. రాయడానికి మొహమాటపడి నోటితో చెప్పేవాళ్లుంటారు. వాళ్లు చెప్పింది నువ్వే రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకో. గర్భంతో ఉన్నవాళ్లు, ఒంట్లో బాగాలేక మందులు వాడుతున్నవాళ్లు కారణం కాగితం మీద రాయనక్కర్లేదు, నిన్ను విడిగా కలిస్తే చాలని తప్పకుండా పెట్టు. లేకపోతే వాళ్లు నోరు విప్పరు.

అభ్యంతరమూ, డ్యూటీ మార్చుకోవడమూ ఒకటి కాదు. పట్టికే తనకు కుదరదనేది అభ్యంతరం. పట్టిక కుదిరినా ఒక్క రోజు పెళ్లికో పిల్లవాడి పరీక్షకో వెళ్లాలనేది మార్పిడి. రెండూ ఒకేసారి తీసుకుంటే ఇంకా ఖాయం కాని పట్టిక మీద మార్పిడులు రాసుకుంటూ కూర్చుంటావు. 20న అభ్యంతరాలు ఆపి, 24లోపు ఒక్కొక్కరికీ జవాబు రాసి, 26న చివరి పట్టిక పెట్టు. మార్పిడి కాగితాలు ఆ తర్వాతే తీసుకో.

మార్పిడిలో నన్ను ఎక్కువసార్లు ఇరికించింది ఆ రోజు కాదు, దాని మర్నాడు. ఒక సిస్టర్‌కు 12న ఈవెనింగ్, ఇంకొకరికి 12న నైట్ అనుకో. ఇద్దరూ మార్చుకుంటామని వచ్చారు. 12వ తేదీ గడిలో చూస్తే ఏ లోటూ లేదు. కానీ మొదటి సిస్టర్‌కు 13న మార్నింగ్ ఉంది. 12 రాత్రి ఎనిమిదికి నైట్ ఎక్కి, 13 పొద్దున ఎనిమిదికి దిగాల్సిన మనిషి అక్కడే మధ్యాహ్నం రెండు దాకా నిలబడాలి. మొత్తం 18 గంటలు. ఆమె చేస్తాననే అంటుంది, నువ్వు ఒప్పుకోకూడదు. అందుకే మార్పిడి కాగితంలో ఇద్దరివీ ముందు రోజు, ఆ రోజు, మర్నాటి డ్యూటీలు, మొత్తం ఆరు గడులు ఉండాలి. అవి నింపేటప్పుడే వాళ్లకే తప్పు కనబడుతుంది.

ఇంకొకటి, నైట్‌లో ఇద్దరూ కొత్తవాళ్లు పడకూడదు. జంటలు వేసేటప్పుడు నువ్వు చూసుకుంటావు, మార్పిడిలో అది చెడిపోతుంది. లేబర్ రూమ్, ఐసీయూ పని తెలిసినవాళ్లు అదే పని తెలిసినవాళ్లతోనే మార్చుకోవాలి. నువ్వు సంతకం పెట్టేదాకా పట్టికలో పేరున్న మనిషిదే ఆ డ్యూటీ. పెట్టాక తీసుకున్న మనిషిది. ఆ తర్వాత ఆమె రాకపోతే మొదటి మనిషిని నిలదీయకు.

నీ నోటీసును నేనైతే ఇలా రాస్తాను:

"వార్డు స్టాఫ్ నర్సులకు. వచ్చే నెల 1వ తేదీ నుంచి నైట్ డ్యూటీ వరసగా 7 రాత్రులు కాక 3 రాత్రులు ఉంటుంది, తర్వాత 2 రోజులు నైట్ ఆఫ్. మొత్తం నైట్లు పెరగవు, కానీ వంతు 15 రోజులకోసారి వస్తుంది. డ్యూటీ వేళలు మారవు. పట్టిక ముసాయిదా జత చేశాము.

అభ్యంతరం ఉన్నవారు ఏ తేదీ ఇబ్బందో, బదులుగా ఏది కుదురుతుందో రాసి ఈ నెల 20వ తేదీ సాయంత్రం 4 గంటలలోపు ఇన్‌చార్జ్ సిస్టర్‌కు గానీ నైట్ సూపర్‌వైజర్‌కు గానీ ఇవ్వాలి. ఆరోగ్య కారణాలు విడిగా చెప్పవచ్చు. 24లోపు రాతపూర్వకంగా జవాబు ఇస్తాము. 26న చివరి పట్టిక పెడతాము.

డ్యూటీ మార్చుకోదలచినవారు 26 తర్వాత, ఆ డ్యూటీకి కనీసం 48 గంటల ముందు, ఇద్దరి సంతకాలతో ఫారం ఇవ్వాలి. నైట్ దిగిన రోజున మార్నింగ్ గానీ ఈవెనింగ్ గానీ చేయరాదు. బదులు డ్యూటీ అదే నెలలో తీర్చాలి. ఇన్‌చార్జ్ సంతకం అయ్యేదాకా పట్టికలో ఉన్నవారిదే బాధ్యత."

"గడువులోపు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే" అనే వాక్యం ఇందులో కావాలనే పెట్టలేదు. చివరి పట్టిక వస్తుందని చెబితే చాలు. 20 తర్వాత ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైతే దాన్ని గడువు దాటిన అభ్యంతరం అని తోసెయ్యకు, సెలవుగానో మార్పిడిగానో చూడు. ఆ 48 గంటల నియమం కూడా అలాంటివాళ్లకు వర్తించదు.

డ్యూటీ వేళలు మారవని ఎందుకు రాశానంటే, 8-2, 2-8, రాత్రి 8 నుంచి పొద్దున 8 అనే వేళలు మార్చే అధికారం నీ చేతిలో లేదు. అది యాజమాన్యం చట్టం చూసుకుని చేయాల్సిన పని. ఎవరైనా వేళల గురించి రాస్తే ఆ కాగితాన్ని నర్సింగ్ సూపరింటెండెంట్‌కు పంపి, పంపినట్టు ఆ సిస్టర్‌కు చెప్పు.

10వ తేదీకి ఇంకా నాలుగు రోజులుంది. 9వ తేదీ రాత్రి నైట్ ఎక్కేది ఎవరో, సెలవులో ఎవరున్నారో పేర్లు రాసి, ముసాయిదా పట్టికతో కలిపి నాకు పంపు. కూర్చుని చూస్తాను.

ఇట్లు,
పిన్నమ్మ