అపార్ట్‌మెంట్ హాల్లో ఉయ్యాల బల్ల: ఫాస్టనర్లు సరిపోతాయా?

"మా ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంది. హాల్లో ఉయ్యాల బల్ల వేయించుకోవాలని అమ్మ కోరిక. స్లాబ్ వేసేటప్పుడు కొక్కేలు పెట్టలేదు. ఇప్పుడు డ్రిల్ చేసి ఫాస్టనర్లు బిగిస్తే ఆగుతుందా? చుట్టూ ఎంత ఖాళీ వదలాలి? అమ్మకి మోకాళ్ల నొప్పులు, బల్ల ఎంత ఎత్తులో ఉండాలి?"

మీలాగే మేమూ కట్టేసిన ఫ్లాట్‌లోనే ఉయ్యాల వేయించాం, అది కూడా రెండుసార్లు. మొదటిసారి చేసిన తప్పు మీరు చేయకూడదని వివరంగా రాస్తున్నాను.

మొదట ఉయ్యాల అమ్మిన షాపు మనిషే వచ్చి, స్లాబ్‌కి నాలుగు ప్లేట్లు పెట్టి మామూలు ఎక్స్‌పాన్షన్ ఫాస్టనర్లతో బిగించి వెళ్లాడు. నాలుగు నెలలు బాగానే ఊగాం. ఒకరోజు పొద్దున బల్ల మీద దిండు తీస్తే పక్కనే సన్నటి తెల్ల పొడి కనిపించింది. సున్నం రాలుతోందనుకుని తుడిచేశాను. మూడు రోజులకి మళ్లీ అంతే. స్టూల్ ఎక్కి చూస్తే ఒక ప్లేటుకీ సీలింగ్‌కీ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు వచ్చి ఉంది. ఆ రోజే ఉయ్యాల దించేశాం.

విప్పాక కారణం తెలిసింది. ఫాస్టనర్ పొడవు రెండున్నర అంగుళాలు. అందులో అర అంగుళానికి పైగా సీలింగ్ ప్లాస్టరింగ్‌లోనే పోయింది, ప్లేటు మందం ఇంకొంత తినేసింది. అసలు కాంక్రీట్‌లో ఉన్నది ఒకటిన్నర అంగుళమే. ప్లాస్టరింగ్‌కి బరువు మోసే బలం ఉండదు, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. పైగా ఈ ఫాస్టనర్ వ్యాకోచించి, రంధ్రం గోడల్ని ఒత్తుకుని పట్టుకుంటుంది. ఉయ్యాల దాన్ని కిందికి లాగడమే కాదు, ప్రతి ఊపుకీ ముందుకీ వెనక్కీ కుదుపుతుంది. ఆ కుదుపుకి పట్టు కొంచెం కొంచెంగా వదులవుతుంది.

బరువు లెక్క కూడా చెప్తాను. మాది ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు టేకు బల్ల. గొలుసులతో కలిపి సుమారు 35 కిలోలు. ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుంటే ఇంకో 140. మొత్తం 175. ఊగేటప్పుడు బల్ల అడుగుకి వచ్చిన క్షణంలో ఈ బరువు పెరుగుతుంది. 30 డిగ్రీల ఊపుకి దాదాపు ఒకటింపావు రెట్లు, అంటే 220 కిలోల దాకా వస్తుంది. పిల్లలు ఎగిరి కూర్చుంటే అంతకన్నా ఎక్కువే. అందుకే ఊగకుండా ఉన్నప్పటి 175 కిలోలకి కనీసం రెట్టింపు, 350 కిలోలు మోసేలా చేయించుకోవాలని మాకు స్ట్రక్చరల్ ఇంజనీరు గారు చెప్పారు.

ఆయన స్లాబ్‌ని వదిలేసి బీములని వాడమన్నారు. మా హాలు 18 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. పొడుగు గోడలు రెండింటి మీదా బీములున్నాయి. ఆ రెండింటి మధ్య అడ్డంగా 100×50 మి.మీ., 4 మి.మీ. మందం ఉన్న ఇనుప బాక్స్ పైపు వేయించాం. పైపు రెండు చివర్లా వెల్డ్ చేసిన ప్లేట్లని బీము పక్క ముఖానికి కెమికల్ యాంకర్లతో బిగించారు, అంటే రంధ్రంలో జిగురు మందు ఎక్కించి అందులో బోల్టు అతికించడం. స్లాబ్‌కి కింద నుంచి బిగిస్తే బోల్టు ఊడి కిందికి రావడానికి చూస్తుంది. బీము పక్కన అడ్డంగా ఉన్న బోల్టు ఊడి రావాలంటే పక్కకి జారాలి, ఉయ్యాల బరువు మాత్రం కిందికి ఉంటుంది. అందుకే అది చాలా నమ్మకం. బీము అడుగున మాత్రం డ్రిల్ చేయనివ్వకండి, ప్రధాన కమ్మీలు అక్కడే ఉంటాయి. ఈ పైపు కొలత మా హాలుకి సరిపోయింది. మీ బీముల మధ్య దూరం వేరైతే సైజు మారుతుంది, ఇంజనీరుతో ఒకసారి చూపించుకోండి.

కెమికల్ యాంకర్ పెట్టేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది ఒక్కటే: రంధ్రంలో దుమ్ము. గాలి కొట్టి, బ్రష్‌తో రుద్ది, మళ్లీ గాలి కొట్టాకే మందు ఎక్కించాలి. దుమ్ము ఉంటే మందు కాంక్రీట్‌ని కాక దుమ్మునే పట్టుకుంటుంది. ట్యూబ్ మీద రాసిన టైమ్ అయ్యేదాకా బరువు వేయకూడదు.

మీది కొత్త టవర్ అయితే ముందు బిల్డర్‌ని అడగండి. పోస్ట్ టెన్షన్ స్లాబ్ అయితే లోపల గట్టిగా లాగి బిగించిన తీగలుంటాయి, డ్రిల్ తగిలితే ప్రమాదం. ఆ స్లాబ్‌ని ముట్టుకోవద్దు. ఫాల్స్ సీలింగ్‌కి, ఫ్యాన్ కొక్కేనికి ఉయ్యాల కట్టే ఆలోచన అసలే వద్దు. ఇవేవీ కుదరకపోతే నేల మీద నిలబడే స్టాండ్ ఉయ్యాల తీసుకోండి.

అంతా బిగించాక మేం వెంటనే ఎక్కలేదు. ప్లేట్ల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, బల్లని నేలకి నాలుగు అంగుళాల ఎత్తులో ఉండేలా కట్టి, ఏడు సిమెంట్ బస్తాలు పేర్చి ఒక రోజంతా వదిలేశాం. 350 కిలోలు. మర్నాడు గీత జరగలేదు, ప్లేటు పక్కన వెంట్రుక దూరే సందు కూడా లేదు. ఆ తర్వాతే ఎక్కాం.

ఖాళీ విషయానికి వస్తే, అది గొలుసు పొడవు మీద ఉంటుంది. మా పైపు కొక్కెం నుంచి బల్లకి ఏడున్నర అడుగుల పైనే. 30 డిగ్రీలు ఊగితే బల్ల మధ్య నుంచి ముందుకి దాదాపు నాలుగడుగులు వెళ్తుంది. దానికి బల్ల సగం వెడల్పు, చాచిన కాళ్లు కలిపితే ముందు ఆరున్నర అడుగులు, వెనక ఐదడుగులు కావాలి. అందుకే మేం హాలు పొడవు వైపే ఊగేలా పెట్టాం. పక్కలకి రెండడుగులు చాలు, కానీ అదైనా వదలాలి, ఎందుకంటే ఒక్కరే ఒక మూల కూర్చుంటే బల్ల వంకరగా తిరుగుతుంది. మీకు అంత చోటు లేకపోతే గట్టిగా ఊగకండి, 15 డిగ్రీలకి రెండడుగులే జరుగుతుంది. వెనక వైపు నడిచే దారి పెట్టకండి. బల్ల అంచు సరిగ్గా రెండు మూడేళ్ల పిల్లల ముఖం ఎత్తులో వస్తుంది.

అమ్మగారి ఎత్తు కొలవండి: చెప్పులు లేకుండా, మోకాలి వెనక నుంచి నేలకి. దానికంటే ఒక అంగుళం ఎక్కువ పెట్టండి, లేవడం తేలిక. మా అమ్మకి 18 అంగుళాలు సరిపోయింది. ఆ కొలత మెత్త వేసి, మనిషి కూర్చున్నప్పటిది. ఖాళీ బల్లకి కొలిస్తే లెక్క తప్పుతుంది. రెండడుగుల వెడల్పు అమ్మకి ఎక్కువైంది, వీపు ఆనించాలంటే కాళ్లు గాల్లో ఉండేవి. వెనక ఒక బోల్‌స్టర్ దిండు పెట్టాక కుదిరింది. బల్ల ముందు అంచుని గుండ్రంగా రందా పట్టించండి, పదునుగా ఉంటే మోకాళ్ల వెనక కోసుకుపోయినట్టు ఉంటుంది.

మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు అసలు పడేది ఊగేటప్పుడు కాదు, లేచేటప్పుడు. చేత్తో నొక్కి లేవబోతే బల్ల వెనక్కి జారుతుంది. మేం బల్ల కింద సరిగ్గా ఇమిడే ఎత్తున్న చెక్క పీట ఒకటి చేయించి, అడుగున రబ్బరు కొట్టించాం. అమ్మ కూర్చునేముందు, లేచేముందు ఎవరో ఒకరు ఆ పీటని కాలితో బల్ల కిందికి తోస్తారు. బల్ల కదలదు.