కారు, కేసు, చెక్కు, దోశ: అశోకవనంలో సీత మీద దత్తపది

ప్రశ్న: విజయవాడలో మా కళాశాల సాహిత్య సభకు దత్తపది ఇచ్చారు. పదాలు కారు, కేసు, చెక్కు, దోశ. నాలుగింటినీ అన్యార్థంలో వాడి, అశోకవనంలో ఉన్న సీత గురించి తేటగీతి రాసి తీసుకురమ్మన్నారు. గణాలు వేయడం వచ్చు. కాని కేసు, దోశ రామాయణంలోకి ఎలా వస్తాయో తోచడం లేదు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరా?

జవాబు: గుంటూరులో మా పద్యమిత్రుల గోష్ఠిలో నేను పృచ్ఛకుడిగా కూర్చుని పదాలు ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి, ఇతరులు ఇచ్చిన పదాలకు పద్యం చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. పృచ్ఛకుడి కుర్చీలో కూర్చున్నవాడు పద్యం ఎంత బాగుందో ముందు చూడడు. తానిచ్చిన అక్షరాలు తానిచ్చినట్టే వచ్చాయా, తాననుకున్న అర్థం తప్పిందా అన్నదే మొదట చూస్తాడు. అందువల్ల మీరు గణాల దగ్గర మొదలుపెట్టకుండా అక్షరాల దగ్గర మొదలుపెట్టండి.

ముందుగా పృచ్ఛకుణ్ణి అడగవలసినది వర్ణక్రమం. మన ఊళ్లలో టిఫిను హోటళ్ల బోర్డుల మీద దోశ, దోసె, దోస అని మూడు రకాలుగానూ కనిపిస్తుంది. మీకిచ్చినది దోశ కనుక దాని చివర ఉన్నది తాలవ్య శకారం. దోషం, దోసం, దోసిలి ఏవీ పనికిరావు. సీతారామకథలో దోషం అన్న మాట ఎన్నిచోట్లయినా ఇమడ్చవచ్చు గనుక చాలామంది అటే పరుగెత్తుతారు. కచ్చితమైన పృచ్ఛకుడు ఒప్పుకోడు.

తరువాత ఈ నాలుగు పదాలను రెండు జట్లుగా విడదీయండి. కారు, చెక్కు రెండింటికీ తెలుగులో ఇదివరకే వేరే అర్థాలున్నాయి. కారు అంటే నలుపు, ‘అవరు’ అనే క్రియ కూడా. చెక్కు అంటే చెక్కిలి, ‘చెక్కు చెదరని’ అనే పలుకుబడి ఉండనే ఉంది. వీటిని ఉన్నపళంగా వాడుకోవచ్చు. కేసు, దోశలకు ఆ సౌకర్యం లేదు. వీటిని ఒక మాట చివరి అక్షరంగానూ, తరువాతి మాట మొదటి అక్షరంగానూ చీల్చాలి. కే అనే అక్షరంతో ముగిసే మాట ఒకటి, సు అనే అక్షరంతో మొదలయ్యే మాట మరొకటి కావాలి. అలాగే దో, శ. పదానికి పదం తగిలించడం కాక, రెండు మాటల నడుమ పదం పుట్టించడమే దత్తపదిలో అసలు పని.

‘కే’ అని ముగిసే మాటలకు తెలుగులో కొదవ లేదు. కకారంతో ముగిసే మాటకు అవధారణార్థకమైన ఏకారం చేర్చితే సరిపోతుంది: రాకే, పోకే, కోరికే, తనకే. ‘సు’తో సుఖము, సుంత, సుదినము ఉన్నాయి. సీతకు కావలసినది రాముడి రాక, అదే ఆమెకు సుఖం. అప్పుడు ‘నాథు రాకే సుఖము’ అన్నది దానంతటదే వస్తుంది. ఇక్కడ ఒక వల ఉంది. అశోకవనం అనగానే హనుమంతుడు, హనుమంతుడనగానే ‘కేసరి’ గుర్తుకు వస్తాయి. మా గోష్ఠిలో ఇదే పదం ఇచ్చినప్పుడు ఒక కుర్రవాడు ‘కేసరి సుతుడు’ అని ఉత్సాహంగా చదివాడు. అందులో కేస ఉంది, సు కూడా ఉంది, కాని కేసు లేదు. నడుమ రి అడ్డం వచ్చింది.

దోశ విషయంలో ‘ఏదో’ అన్న మాట మంచి ఆధారం. దాని తరువాత శకారాదిగా ఉన్న మాట తేవాలి. ‘ఏదో శుభము’ అని చాలామందికి ముందుగా తోస్తుంది. అది ‘దోశు’ అవుతుంది గాని దోశ కాదు. ‘ఏదో శక్తి’ అంటే అక్షరాలు సరిగానే ఉన్నాయి, కాని ‘క్తి’ అనే సంయుక్తాక్షరం తరువాత ఉన్నందువల్ల శకారం గురువవుతుంది. అప్పుడు ‘ఏదో’తో గణం మొదలుపెడితే ‘ఏదోశ’ మూడు గురువులై మగణం అవుతుంది. తేటగీతిలో మగణానికి చోటు లేదు. ‘ఏదో శబ్దము’ కూడా ఇదే కారణంగా పోతుంది. కాబట్టి శకారం తరువాత ద్విత్వంగాని సంయుక్తంగాని లేని మాట కావాలి: శకునము, శపథము, శరణము. వీటిలో శకునం ఈ సందర్భానికి అచ్చంగా అతుకుతుంది, ఎందుకంటే వాల్మీకి సుందరకాండలో హనుమంతుడు మాట్లాడడానికి ముందు సీతకు ఎడమ కన్ను అదిరినట్టు, శుభశకునాలు తోచినట్టు ఉంది. దత్తపదం కోసం వెదికిన మాట కథలోని ఘట్టాన్నే పట్టి ఇచ్చింది. నేను పద్యమంతా ఈ శకునం చుట్టూనే అల్లాను.

ఇక గణాల సంగతి. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు ఉంటాయని మీకు తెలుసు. మీకిచ్చిన నాలుగు పదాలూ గురువు, లఘువుగా హగణమే. కారు, చెక్కు నేరుగా పాదాది సూర్యగణంగా కూర్చుంటాయి. అయితే అవి పాదం మొదట్లో ఉంటే యతిని కూడా అవే శాసిస్తాయి. ‘రాకే సు’, ‘ఏదో శ’ అన్నవి రెండు గురువులు, ఒక లఘువు, అంటే తగణం. తగణం ఇంద్రగణమే గనుక వీటి చోటు పాదంలో రెండవదో మూడవదో కావాలి, మొదటిది కాకూడదు. ఈ సంగతి ముందే తేల్చుకుంటే సగం కొట్టివేతలు తగ్గుతాయి.

నేను కూర్చిన పద్యం ఇది:

కారు చీకటి లంకను గప్పు వేళ
నాథు రాకే సుఖమ్మని నమ్ము సీత
చెక్కు చెదరని నిష్ఠతో జెట్టు నీడ
నుండ నేదో శకునమున గుండె పొంగె

లంకను కటిక చీకటి కప్పిన వేళ, తన భర్త రావడమే సుఖమని నమ్మిన సీత చెదరని నిష్ఠతో చెట్టు నీడలో ఉండగా, ఏదో శకునం వల్ల ఆమె గుండె ఉప్పొంగిందని తాత్పర్యం.

నాలుగవ పాదాన్ని గణాలుగా విడదీసి చూడండి: నుండ, నేదో శ, కునమున, గుండె, పొంగె. హగణం, తగణం, నలం, హగణం, హగణం. దోశ అనే రెండక్షరాలూ తగణం లోపలే ఉన్నాయి, శకునమున అన్న మాట మాత్రం గణం మధ్యలో చీలింది. ఇలా చీలడం దోషం కాదు. రెండవ పాదం కూడా ఇదే తీరు: నాథు, రాకే సు, ఖమ్మని, నమ్ము, సీత. యతులు మొదటి పాదంలో కా–గ, రెండవ పాదంలో నా–న, మూడవ పాదంలో చె–జె. నాలుగవ పాదంలో అక్షరయతి వేయకుండా ప్రాసయతి వేశాను: నుండ–గుండె. తేటగీతి ఉపజాతి కనుక ప్రాసయతి చెల్లుతుంది. మీ పృచ్ఛకుడు ప్రాసయతి వద్దని ముందే నియమం పెట్టి ఉంటే ఆ పాదం మార్చుకోవలసి వస్తుంది.

పద్యంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినది సరళాదేశం. ద్రుతప్రకృతికం మీద వచ్చే పరుషాలు, అంటే క చ ట త ప లు, గ జ డ ద బ లు అవుతాయి. నా పద్యంలో ‘లంకను కప్పు’ ‘లంకను గప్పు’ అయింది, ‘నిష్ఠతో చెట్టు’ ‘నిష్ఠతో జెట్టు’ అయింది. ఇవి దత్తపదాలు కావు గనుక నష్టం లేదు. కాని ఎవరైనా ‘లంకను కారు చీకటి కమ్మ’ అని రాశారనుకోండి, వ్యాకరణం ప్రకారం అది ‘లంకను గారు చీకటి’ కావాలి. అప్పుడు కారు పోయి గారు మిగులుతుంది. మార్చకపోతే వ్యాకరణదోషం, మారిస్తే దత్తపదం మాయం. మీ నాలుగు పదాల్లో కారు, కేసు, చెక్కు మూడూ పరుషాలతోనే మొదలవుతున్నాయి. అందుకే కారును పద్యం మొదట్లోనే పెట్టాను. దానికి ముందు ఏ మాటా లేదు. చెక్కుకు ముందు ‘సీత’ అనే ప్రథమాంతం ఉంది. అక్కడ గసడదవాదేశం బహుళం కనుక చకారాన్ని అలాగే ఉంచవచ్చు. రెండవ పాదం ‘సీత యుండ’ అని ముగిసి ఉంటే, ‘ఉండ’ ద్రుతాంతం కనుక మూడవ పాదం ‘జెక్కు’ అని మొదలుకావలసి వచ్చేది. పాదం మారింది కదా, సంధి ఎందుకని కొందరు అంటారు. పండితులు కూర్చున్న సభలో ఆ వాదం నిలవదు. కేసు మాత్రం ‘రాకే’ అనే మాట లోపల ఉంది గనుక దాని కకారానికి ఈ బెడద లేదు. పదాన్ని చీల్చడంలో ఉన్న ఒక లాభం ఇది.

నా పద్యంలో నాకు అంతగా నచ్చనిది కారు చీకటి. అది తప్పేమీ కాదు, కాని కారు అని వినగానే సభలో ఉన్న ప్రతివారికీ చీకటే తోస్తుంది; పృచ్ఛకుడు కూడా దానికి సిద్ధపడే ఉంటాడు. రాత్రివేళ అన్న సూచన కావాలి గనుక ఉంచాను. మీరు కొత్తగా చేయదలిస్తే కారును క్రియగా వాడండి. సీత చుట్టూ ఉన్న రాక్షస స్త్రీల గురించి ‘వారు తనవారు కారు’ అనవచ్చు. ఇక్కడ ‘వారు కారు’ రెండు హగణాలు కనుక పాదాంతంలో చక్కగా కూర్చుంటుంది, ఒంటరితనం కూడా పలుకుతుంది. అప్పుడు పాదాదిలో వేరే మాట వస్తుంది కనుక యతి మళ్లీ చూసుకోవాలి. చెక్కును చెక్కిలి అన్న అర్థంలో వాడి, కన్నీరు జారడం చెప్పినా బాగుంటుంది.

సభలో చదివేటప్పుడు ‘ఏదో’ దగ్గర ఊపిరి తీసుకోకండి. అక్కడ ఆగితే దోశ ఎవరి చెవినా పడదు, పృచ్ఛకుడు మళ్లీ చదవమంటాడు. మొదటిసారి అర్థం తెలిసేలా మామూలుగా చదివి, రెండవసారి ‘నేదోశ’, ‘రాకేసు’ కలిపి చదవండి. కాగితం మీద రాసి ఇచ్చేటప్పుడు నాలుగు పదాల కింద గీత గీయండి. చీలిన పదాల కింద గీత రెండు మాటలనూ కలుపుతూ సాగాలి.