కూరగాయల పెట్టె పోస్టు: కోత రోజు ఒక్కటే రాస్తే చాలదు

“శనివారం కోత అని రాస్తున్నాం. తీరా పెట్టెలు కట్టేశాక ఆర్డర్లు వస్తున్నాయి. క్యాప్షన్ ఎలా రాయాలి?”

ఆర్డర్‌కు ఆఖరి గడువు రాయకపోవడం వల్లే. కోత రోజు చూసి, ఆ రోజే ఆర్డర్ పెట్టొచ్చు అనుకుంటున్నారు.

గడువు మొదటి లైన్‌లోనే ఉండాలి. అందరూ దాన్ని చివర్లో పెడతారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ చివర “more” వెనక దాక్కుంటుంది. కోతకు ముందు రోజు కాదు, రెండు రోజుల ముందు గడువు పెట్టండి. లెక్క తెలిస్తేనే కదా ఎన్ని కట్టలు కోయాలో తేలేది! మిగిలిన తోటకూర సాయంత్రానికే వాడిపోతుంది.

ఇలా రాయండి (ధర, వేళలు మీవి వేసుకోండి):

గురువారం రాత్రి 8 లోపు ఆర్డర్, శనివారం తెల్లవారుజామున కోత.
5 కిలోల పెట్టె ₹400: బెండ, వంకాయ, సొరకాయ, టమాటా, 2 కట్టల తోటకూర. కోతను బట్టి ఒకటి మారొచ్చు.
1. పేరు, కాలనీ, ఎన్ని పెట్టెలో వాట్సాప్ చేయండి.
2. మేం “ఓకే” అన్నాకే డబ్బు పంపండి.
3. శనివారం 10–12 మధ్య వచ్చి తీసుకెళ్లండి. సంచి తెచ్చుకోండి.

రెండో మెట్టు తీసేయకండి, పెట్టెలు అయిపోయాక డబ్బు తిరిగి పంపే తలనొప్పి ఉండదు. క్యాప్షన్‌లో పెట్టిన లింక్ ఇన్‌స్టాలో నొక్కితే తెరుచుకోదు, వాట్సాప్ లింక్‌ను బయోలో పెట్టండి.