ఇంక్ ట్యాంక్ సరే, చేతిలో ఎమర్జెన్సీ ఫండ్ ఏది?

ప్రశ్న: సర్, నిజాంపేటలో ఇంట్లోనే అకౌంట్స్ వర్క్ చేస్తుంటా. నెలకి ఓ 40 పేజీలు ప్రింట్ తీయాలి, ఒక్కోనెల అసలుండవు, అన్నీ బ్లాక్ అండ్ వైటే. ఇంక్ ట్యాంక్ అయితే పేజీకి పైసల్లో పడుతుందని 15,000ది క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుందామని ఉంది. ఇంటి ఖర్చు 35,000, సేవింగ్స్ 20,000. ఇంక్‌జెట్, లేజర్, ఇంక్ ట్యాంక్... ఏది బెటర్?

జవాబు: పేజీకి ఎంతో చూశారు గానీ మీకు పేజీలెన్నో చూడలేదండి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నెలకి 40 అంటే ఏడాదికి 480. సందు చివర జిరాక్స్ షాపులో పేజీకి 3 రూపాయలనుకున్నా 1,440 అవుతుంది, అంటే మీ 15,000 పెట్టి పదేళ్లు అక్కడే ప్రింట్లు తీసుకోవచ్చు.

పైగా ఇంక్ ట్యాంక్ రోజూ వాడేవాళ్లది. నెల రోజులు వదిలేస్తే హెడ్‌లో ఇంక్ ఎండిపోతుంది, నాజిల్ చెక్ తీస్తే గీతలు తెగితెగి వస్తాయి, అప్పుడు హెడ్ క్లీనింగ్ కొడతారు, ఆ ఇంకంతా పేపర్ మీదకి కాదు, లోపలున్న వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది. ప్రింటర్ బటన్‌తో ఆపకుండా గోడ స్విచ్ తీసేస్తే ఇంకా తొందరగా ఎండుతుంది, ఎందుకంటే హెడ్ దాని మూత కిందకి వెళ్లి కూర్చోకముందే కరెంట్ పోతుంది. కార్ట్రిడ్జ్ ఇంక్‌జెట్‌కీ ఇదే గోల, చవగ్గా దొరుకుతుంది గానీ తర్వాత కార్ట్రిడ్జ్‌లు కొనలేక చస్తాం. మీ వాడకానికి కొంటే గింటే బ్లాక్ అండ్ వైట్ లేజరే, టోనర్ పొడి కాబట్టి రెండు నెలలు ముట్టుకోకపోయినా ఎండదు.

కానీ ఇప్పుడే కాదు. నెలకి 35,000 ఖర్చున్న ఇంట్లో 20,000 అంటే మూడు వారాలు కూడా గడవదు, ఇద్దరు క్లయింట్లు పేమెంట్ లేట్ చేస్తే మీ పరిస్థితేంటి? మీలా సొంతంగా చేసుకునేవాళ్లకి ఆరు నెలల ఖర్చు, అంటే 2,10,000 పక్కనుండాలి, ముందు మూడు నెలలదైనా, 1,05,000 చేయండి. ఆ 1,250 ఈఎంఐ కట్టగలననుకుంటున్నారు కదా, అదే 1,250 ప్రతినెలా ఒకటో తారీకునే వేరే అకౌంట్‌లో వేయండి, క్లయింట్ డబ్బులు ఎక్కువ వచ్చిన నెల ఇంకాస్త కలపండి.

ఇక నో కాస్ట్ అన్న మాట నమ్మకండి. వడ్డీ మేరకు డిస్కౌంట్ ఇస్తారు సరే, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీదే, ప్రాసెసింగ్ ఫీజూ ఉంటుంది, కార్డు లిమిట్‌లో ఆ 15,000 ఇరుక్కుంటుంది, ఒక్క నెల బిల్లు తప్పితే లేట్ ఫీజు, వడ్డీ రెండూ మొదలవుతాయి. ఏడాదికి 1,440 ఖర్చయ్యే పనికి అప్పా?

మూడు నెలల ఫండ్ నిండాక సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకెళ్లి క్యాష్ పెట్టి లేజర్ తెచ్చుకోండి, ప్రింటర్ రేటు కన్నా ముందు టోనర్ రేటు, అది ఎన్ని పేజీలకొస్తుందో అడగండి, పెట్టెలో వచ్చే టోనర్ తరచూ సగమే ఉంటుంది. ఇంటికొచ్చాక కంప్యూటర్ యూపీఎస్‌కి మాత్రం తగిలించొద్దు, వేడెక్కేటప్పుడు లేజర్ ఒక్కసారిగా కరెంట్ లాగుతుంది, యూపీఎస్ ట్రిప్ అవుతుంది, నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టండి.